చెరువులో పంట ఉండగా అకౌంట్ మేనేజర్ మారితే: రైతుకి చెప్పే తీరు, కొత్తవారితో కాల్ కుదిర్చే పద్ధతి

భీమవరం, ఉండి, ఆకివీడు, కైకలూరు చుట్టుపక్కల రొయ్యల రైతుకి మేత కంపెనీ అంటే బస్తా మీది బొమ్మ కాదు, వారానికోసారి గట్టు మీదకి వచ్చి రొయ్యలు మేత తిన్నాయో లేదో ట్రే ఎత్తి చూసే మనిషి. అరువు ఇప్పించేది ఆయనే, బస్తా తడిసిందంటే మార్చి పంపేది ఆయనే, రొయ్యలు పట్టి అమ్మిన పట్టుబడి డబ్బు రెండ్రోజులు ఆలస్యమైతే ఆఫీసులో సర్దిచెప్పేదీ ఆయనే. ఆఫీసులో ఆయన హోదా అకౌంట్ మేనేజర్. రైతు లెక్కలో మాత్రం కంపెనీ అంటే ఆయనే.

ఆయన మానేస్తున్నప్పుడు రైతుకి ఎలా చెప్పాలి, తర్వాత వచ్చేవారితో మొదటి కాల్ ఎలా జరిపించాలి అన్నది ఇక్కడ రాస్తున్నాను. డీలర్లు, సీడ్ అమ్మే హేచరీలు, రొయ్యలు కొనే ప్లాంట్లు అన్నీ కలిపి చెప్పకుండా ఒక్క సందర్భమే తీసుకుంటున్నాను: అరువు మీద మేత తీసుకుంటున్న రైతు, చెరువులో సగం పెరిగిన పంట, నెల రోజుల నోటీసు ఇచ్చిన మేనేజర్. అన్నిట్లోకీ కష్టమైనది ఇదే. పంట మధ్యలో రైతు కంపెనీని సులువుగా వదల్లేడు, కంపెనీ రైతునీ వదల్లేదు. ఆ ముప్పై రోజుల్లో చేసిన పనే పట్టుబడి రోజున బయటపడుతుంది.

నమూనాకి ఒక రైతుని అనుకుందాం. ఆకివీడు దగ్గర 12 ఎకరాల నీటి విస్తీర్ణం, ఆరు చెరువులు, వనామీ రకం రొయ్య. కల్చర్, అంటే సీడ్ వేసిన దగ్గర్నుంచి లెక్క, 62వ రోజు. కౌంటు, అంటే కిలోకి తూగే రొయ్యల సంఖ్య, వంద నుంచి దిగి 95కి వచ్చింది. ఇప్పటిదాకా 500 బస్తాలు దిగాయి, బాకీ 12 లక్షల చిల్లర. పట్టుబడి 110 రోజుల ప్రాంతంలో అనుకుంటున్నారు. మేనేజర్ ఆఖరి రోజు కల్చర్ 92వ రోజుకి పడుతుంది. అంటే ఆయన ఇచ్చిన మాటలన్నీ ఆయన వెళ్ళిపోయాకే అక్కరకొస్తాయి. చిక్కంతా ఇక్కడే ఉంది.

మొదటి అడుగు: నోటి మాటలు కాగితం మీదకి

రైతుకి ఫోన్ చేయడానికి ముందు ఒక పని పూర్తవ్వాలి. వెళ్ళే మేనేజర్ని కూర్చోబెట్టి, ఒక్కో రైతుకి ఒక్కో పేజీ చొప్పున రాయించాలి. లెడ్జరులో ఉన్నది మళ్ళీ రాయక్కర్లేదు. లెడ్జరులో లేనిదే కావాలి.

"ఈ రైతు గురించి చెప్పండి" అని అడిగితే "మంచాయనండీ, ఇబ్బంది లేదు" అంటారు. దాంతో పని జరగదు. అడగాల్సిన ప్రశ్న ఇది: "పట్టుబడి రోజున ఈ రైతు మన ఆఫీసుకొచ్చి, మీరు ఫలానాది చేస్తానన్నారు కదా అని అడిగితే, అది ఏమై ఉంటుంది?" ఈ ప్రశ్నకి మనిషి కాసేపు ఆలోచిస్తాడు. తర్వాత ఒక్కొక్కటీ బయటికొస్తాయి. మన నమూనా రైతు పేజీలో ఇవి తేలాయనుకోండి.

మామూలు డిస్కౌంట్ పైన బస్తాకి 40 రూపాయలు అదనంగా, పట్టుబడి అయ్యాక క్రెడిట్ నోట్ రూపంలో ఇస్తానన్నారు. ఎక్కడా రాసి లేదు. పంటయ్యేసరికి బస్తాలు 1,500 దాకా వస్తాయి కాబట్టి అది 60,000 రూపాయల మాట. పోయిన పంటలో లారీ మీద వానకి తడిసిన 14 బస్తాల్లో తొమ్మిది మార్చి ఇచ్చారు, ఐదు ఇంకా రావాలి. మంగళవారం మంగళవారం టెక్నీషియన్ వచ్చి నీళ్ళు, విబ్రియో బ్యాక్టీరియా చూడాలి. కొనుగోలుదారు డబ్బు వేయడానికి వారం పది రోజులు పడుతుంది కాబట్టి పట్టుబడి అయిన పది రోజులదాకా బాకీ అడగకూడదు.

ఇవి మాటలు. వీటి కింద ఇంకో నాలుగు వరుసలు మనిషి గురించి రాయించాలి. డబ్బు విషయాలు చూసేది హైదరాబాదులో ఉద్యోగం చేసే కొడుకు. రైతు వాట్సాప్‌లో టైపు చేసినవి చదవరు, వాయిస్ పంపితే వింటారు. నాలుగో చెరువులో పోయిన ఏడాది వైట్ గట్ జబ్బు వచ్చి పంట ముందే తీసేశారు, ఆ చెరువు మాట వస్తే ఆయనకి కంగారు. మేత విషయంలో ఆయన్ని కాదని పాలేరుకి సలహా చెబితే ఒప్పుకోరు.

ఈ ఆఖరి వాక్యం లాంటిది ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ ఉండదు. కొత్తగా వచ్చే మనిషి మొదటి రోజే గట్టు మీద పాలేరుతో "మేత కొంచెం తగ్గించు" అనేస్తే, ఆ తర్వాత ఎన్ని కాల్స్ చేసినా అతుకు పడదు.

రాయించడం ఒక్కరోజులో ముగించకండి. మొదటిరోజు సగమే గుర్తొస్తాయి. రెండ్రోజులయ్యాక అదే పేజీ ముందు పెడితే ఇంకో రెండు మాటలు తేలతాయి. ఆయన ఫోన్‌లో ఆ రైతుతో సాగిన వాట్సాప్ సంభాషణని పంట మొదటి రోజు నుంచి ఇద్దరూ కలిసి చూస్తే మరీ మంచిది. "చూద్దాం లెండి", "నేనున్నాగా" అన్న చోటల్లా ఆగి, అక్కడ దేనికి మాటిచ్చారో అడగండి. ఆయన దృష్టిలో అది మర్యాదకి అన్న మాటే అయినా, రైతు దాన్ని ఒప్పందంగా తీసుకుని ఉండొచ్చు.

రెండో అడుగు: ఏ మాట నిలబెడతామో ముందే తేల్చుకోవడం

పేజీ తయారయ్యాక బ్రాంచ్ మేనేజర్ ఒక్కో మాట పక్కనా నిర్ణయం రాయాలి. ఒప్పుకుంటున్నామా, మారుస్తున్నామా, కుదరదంటున్నామా. ఇది కాల్‌కి ముందే జరగాలి. కాల్‌లో రైతు "నలభై రూపాయల సంగతేంటండీ" అని అడిగినప్పుడు కొత్త మనిషి "కనుక్కుని చెబుతానండీ" అంటే, ఆ రైతుకి అప్పుడే అర్థమైపోతుంది: పాత మనిషితో పాటు మాట కూడా పోయిందని.

నా అభిప్రాయం ఇందులో గట్టిది. చెరువులో పంట ఉండగా షరతులు మార్చకూడదు. పాత మేనేజర్ తన అధికారం దాటి మాటిచ్చినా సరే, ఈ పంట వరకు నిలబెట్టి, వచ్చే సీడ్ వేసే ముందు కొత్త షరతులు కూర్చుని మాట్లాడుకోవాలి. రైతు ఆ 40 రూపాయలు లెక్కలో వేసుకునే ఈ మేత ఎంచుకున్నాడు. 62వ రోజున కుదరదంటే ఆయనకి వేరే దారి లేదని తెలిసే అన్నట్టు ఉంటుంది, అది ఆయన మర్చిపోడు. 60,000 భరించలేని స్థితిలో కంపెనీ ఉంటే, ఆ సంగతి రైతుకి బ్రాంచ్ మేనేజర్ స్వయంగా వెళ్ళి చెప్పాలి. కొత్తగా వచ్చిన మనిషి నోట ఆ మాట అనిపించకూడదు.

మన రైతు విషయంలో నాలుగు మాటలూ ఒప్పుకున్నారనుకుందాం. రావాల్సిన ఐదు బస్తాలు మాత్రం కాల్ కన్నా ముందే లారీ ఎక్కించాలి. పాత బాకీ ఒకటి తీరాక చేసే పరిచయానికి విలువ వేరు.

మూడో అడుగు: లెడ్జరు సరిచూసుకోవడం

దీన్ని పరిచయ కాల్‌తో కలపకండి, దానికి ముందే ముగించండి. పాత మేనేజర్ ఉండగానే బిల్లులు, వచ్చిన డబ్బు, ఇవ్వాల్సిన క్రెడిట్ నోట్లు రైతు పుస్తకంతో పోల్చి, బాకీ ఇంత అని ఒక కాగితం మీద ఇద్దరి సంతకాలు తీసుకోవాలి. హామీగా తీసుకున్న చెక్కులు, ప్రోనోట్లు ఉంటే వాటి నంబర్లు కూడా అందులో రాయాలి, అవి ఆఫీసు బీరువాలో ఉన్నాయో, మేనేజర్ బ్యాగులో ఉన్నాయో కళ్ళతో చూడాలి. నగదు చేతికిచ్చిన సందర్భాలు ఏమైనా ఉంటే రసీదులతో సహా ఇప్పుడే తేలాలి. ఆయన వెళ్ళాక తేలితే అది రైతుకీ ఆయనకీ మధ్య గొడవగా మొదలై కంపెనీ గుమ్మానికి వస్తుంది.

నాలుగో అడుగు: మొదటి ఫోన్

కబురు మన నోట వెళ్ళాలి. డెల్టాలో మాట ఎంత వేగంగా పాకుతుందో ఇక్కడ ఉద్యోగం చేసేవాళ్ళకి చెప్పక్కర్లేదు. పొద్దున ఒక రైతుకి చెబితే, పక్క ఊరి గట్టు మీద మధ్యాహ్నానికి "మీ వాడు మానేస్తున్నాడంట కదా" అని వినబడుతుంది. అందుకే ఆ మేనేజర్ చూసే రైతులందరికీ ఒక్కరోజులోనే ఫోన్లు అయిపోయేలా చూసుకోండి. ముందు పంట మధ్యలో ఉన్నవారికి, బాకీ ఎక్కువ ఉన్నవారికి, ఏదైనా ఫిర్యాదు నడుస్తున్నవారికి. చెరువులు ఖాళీగా ఉన్నవారికి సాయంత్రం చేసినా ఫర్వాలేదు. కొత్త మనిషి ఎవరో ఖాయం కాకుండా ఫోన్లు మొదలుపెట్టొద్దు. "ఎవరో ఒకరు వస్తారండీ" అన్న మాట కన్నా వారం ఆగడం మేలు. అంతవరకు ఆగే వీలు లేకపోతే బ్రాంచ్ మేనేజర్ తన పేరే చెప్పాలి: "కొత్తవారు వచ్చేదాకా మీ పని నేనే చూస్తానండీ."

వేళ కూడా చూసుకోవాలి. పొద్దున ఆరుకి, పదికి, మధ్యాహ్నం రెండుకి, సాయంత్రం ఆరుకి మేతలు. మేత వేసిన రెండు గంటలకి ట్రేలు చూస్తారు. పదిగంటల మేత వేశాక, పన్నెండుకి ట్రే ఎత్తేలోపు రైతు కాస్త తీరిగ్గా ఉంటాడు. అమావాస్య, పౌర్ణమి దగ్గరి రోజులు వదిలేయండి. మౌల్టింగ్, అంటే రొయ్య పెంకు విడవడం, ఎక్కువగా ఉండి, ఆక్సిజన్ ఎక్కడ పడిపోతుందోనని రాత్రంతా ఏరియేటర్ల దగ్గరే ఉన్న మనిషికి పొద్దున్నే ఈ కబురు చెప్పకూడదు. పైగా అమావాస్య నాడు మార్పు కబురు వినడం చాలామందికి నచ్చదు, దాన్ని గౌరవించడంలో మనకి పోయేదేం లేదు. పట్టుబడి నడుస్తున్న రోజున సరేసరి, ఆ కాటా దగ్గర వేరే మాటే వినబడదు.

ఫోన్ ఎవరు చేయాలి? పాత మేనేజర్ మొదలుపెట్టాలి, పక్కనే బ్రాంచ్ మేనేజర్ ఉండాలి. ఒక్క మేనేజరే చేస్తే అది సొంత వీడ్కోలు అవుతుంది. ఒక్క బ్రాంచ్ మేనేజరే చేస్తే "ఏమైందో, తీసేశారేమో" అనిపిస్తుంది. మెసేజ్ పెట్టి ఊరుకోవడం మాత్రం అస్సలు వద్దు.

మాట ఇలా నడవాలి.

"బాబాయ్ గారూ, ట్రేలు ఎలా ఉన్నాయండీ?"

"పర్లేదయ్యా, నాలుగో చెరువే కొంచెం నెమ్మదిగా తింటంది."

"టెక్నీషియన్ని రేపు ముందు దాని దగ్గరికే పంపిస్తానండీ. ఒక మాట మీకు నేనే చెప్పాలని చేశాను. నేను ఈ నెలాఖరుకి కంపెనీ మానేస్తున్నానండీ."

"అదేంటి? పంట మధ్యలో వదిలేసి పోతావా?"

"అందుకేనండీ ముందే చెబుతున్నా. నా చోట వచ్చే మేడం ఖాయమయ్యారు. మనం అనుకున్నవన్నీ కాగితం మీద రాసి ఆఫీసులో ఒప్పించాను. నలభై రూపాయల సంగతీ అందులో ఉంది. మా సార్ పక్కనే ఉన్నారు, ఆయన నోటితో కూడా వినండి."

ఇక్కడ బ్రాంచ్ మేనేజర్ అందుకుని రెండే మాటలు చెప్పాలి: ఈ పంటకి షరతులేవీ మారవు, గురువారం కొత్త మేడంతో ముగ్గురూ కలిసి మాట్లాడతారు. తర్వాత ఊరుకోవాలి. రైతు కోప్పడతాడు, నిష్టూరమాడతాడు. అడ్డుపడి సర్దిచెప్పబోకండి. పంట మధ్యలో వదిలేస్తున్నారన్న మాటలో నిజం ఉంది. "అవునండీ, మీకు ఇబ్బందే" అని ఒప్పుకుంటే చాలు.

తర్వాత వచ్చే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "ఏ కంపెనీకి పోతన్నావు?" దానికి బ్రాంచ్ మేనేజర్ జవాబు చెప్పకూడదు, కారణాలు అల్లకూడదు. ప్రమోషన్ మీద వెళ్తున్నారని అబద్ధమూ వద్దు. నెల తిరక్కుండా ఆ మనిషి వేరే మేత బ్యాగు బొమ్మ ఉన్న చొక్కా వేసుకుని అదే గట్టు మీద కనబడతాడు. వెళ్ళే మనిషి తనే "అది ఇంకా ఖాయం కాలేదండీ" అనో, "ఇప్పుడు ఆ మాట వద్దులెండి, ముందు మీ పంట" అనో చెప్పాలి, ఏది నిజమైతే అది. పోటీ కంపెనీకే వెళ్తున్నారని ఆఫీసుకి తెలిసినా, మనిషి నమ్మకస్తుడైతే ఈ రెండు కాల్స్ ఆయన చేతే చేయించడం మంచిదని నా అనుభవం చెబుతోంది. ఆయన్ని రాత్రికి రాత్రి పక్కన పెడితే రైతులందరూ ఆయన్నే అడుగుతారు, అప్పుడు జవాబు మన చేతిలో ఉండదు. ధరల పట్టికలు, మిగతా రైతుల వివరాలు మాత్రం ఆ రోజునుంచే ఆయనకి అందకుండా ఆపేయాలి. ఇద్దరికీ అదే మర్యాద.

ఫోన్ పెట్టేముందు గురువారం ఎన్నింటికి వీలో రైతునే అడగండి. కొడుకుని కూడా కలపమంటారా అని అడగండి. డబ్బు సంగతి చూసేది ఆయనే కాబట్టి, ఆయన లేని కాల్ సగం కాలే.

ఐదో అడుగు: పరిచయ కాల్

మొదటి ఫోన్‌కీ దీనికీ మధ్య రెండు మూడు రోజులు చాలు. వారం దాటితే రైతు ఊహలు మొదలవుతాయి, పక్క కంపెనీ మనిషి వచ్చి కూర్చుంటాడు.

కాల్‌కి ఒక గంట ముందు పాత, కొత్త మేనేజర్లిద్దరూ ఆ పేజీ ముందు పెట్టుకుని పదిహేను నిమిషాలు మాట్లాడుకోవాలి. ఎవరు ఏది చెప్పాలో అప్పుడే పంచుకోవాలి. కొత్త మనిషి ఆ రోజు ఉదయం టెక్నీషియన్‌కి ఫోన్ చేసి ఆ చెరువుల తాజా స్థితి కనుక్కోవాలి. ఇది మాత్రం తప్పనిసరి.

వాట్సాప్ గ్రూపు కాల్ అయినా, మామూలు ఫోన్‌లో కాన్ఫరెన్స్ కలిపినా సరిపోతుంది. రైతుకి కొత్త యాప్ దింపించొద్దు. గట్టు మీద సిగ్నల్ సరిగా లేకపోతే మామూలు ఫోనే మెరుగు. ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు మించకూడదు.

మొదటి మూడు నిమిషాలు పాత మేనేజర్వి. కొత్త మనిషిని చదువులు, సంవత్సరాలతో పొగిడితే రైతుకి ఎక్కదు. ఆ రైతుకి పనికొచ్చే ఒక్క విషయం చెప్పాలి. "మేడం బి.ఎఫ్.ఎస్సీ. చదివారండీ, మూడేళ్ళు ల్యాబ్‌లో పనిచేశారు. నాలుగో చెరువు సంగతి నాకన్నా ఆవిడే బాగా చూస్తారు." ఇక్కడ "అమ్మాయి గట్టు మీదకి వస్తుందా" అని రైతు అడిగితే కంగారు పడొద్దు. ఆవిడే "శనివారం పొద్దున్నే ట్రేలు చూడ్డానికి వస్తున్నానండీ" అని చెబితే ప్రశ్న అక్కడితో తీరిపోతుంది.

తర్వాత కొత్త మనిషి మాట్లాడాలి, ప్రశ్నలతో మొదలుపెట్టకూడదు. "మీ చెరువుల గురించి చెప్పండి" అంటే రైతు ప్రాణం ఉసూరుమంటుంది. ఇన్నాళ్ళూ చెప్పిందంతా మళ్ళీ మొదటినుంచి చెప్పుకోవాలా అనిపిస్తుంది. తనకి తెలిసింది తనే చెప్పి, తప్పులుంటే దిద్దమనాలి.

"నమస్కారం బాబాయ్ గారూ. ఆరు చెరువులు, ఇవాళ్టికి 66వ రోజు. కౌంటు 90 దగ్గర ఉంది, నాలుగోది మాత్రం వెనకబడింది. రోజుకి పద్నాలుగు, పదిహేను బస్తాలు వెళ్తున్నాయి. బస్తాకి నలభై అదనంగా పట్టుబడి అయ్యాక క్రెడిట్ నోట్ ఇవ్వాలి. మంగళవారం టెక్నీషియన్. పాతవి ఐదు బస్తాలు నిన్న దిగాయి. బాకీ మాట పట్టుబడి అయిన పది రోజులదాకా ఎత్తకూడదు. నేను ఏదైనా తప్పు చెప్పానాండీ?"

రైతు కాసేపు ఆగుతాడు. "ఆయ్, అన్నీ కరెక్టేనండీ. కానీ పది కాదు, పదిహేను రోజులన్నాడు."

ఈ దిద్దుబాటు కోసమే ఈ కాల్. ఇలాంటి తేడా బయటికి రాకపోతే అది పట్టుబడి అయిన పదకొండో రోజున, రికవరీ ఫోన్ వెళ్ళినప్పుడు వస్తుంది. ఇప్పుడు పాత మేనేజర్ లైన్‌లోనే ఉన్నారు కాబట్టి అప్పటికప్పుడు తేలుతుంది: "అవునండీ, ప్లాంటువాళ్ళు ఆలస్యం చేస్తే పదిహేను అన్నాను, మామూలుగా అయితే పది." కొత్త మనిషి ఆ మాటని అలాగే తిరిగి చెప్పి రాసుకోవాలి. కాగితంలో లేని కొత్త కోరిక వస్తే, అంటే పాత మేనేజర్కి కూడా గుర్తులేనిది, అక్కడ ఔనూ కాదూ అనకుండా "రేపు మధ్యాహ్నంలోపు నేనే ఫోన్ చేసి చెబుతానండీ" అనాలి, ఆ వేళకి చేయాలి. మొత్తం అప్పగింతలో కొత్త మనిషి సొంతంగా ఇచ్చే మొదటి మాట అదే.

పది నిమిషాలు దాటాక పాత మేనేజర్ జవాబులు ఆపాలి. ఇది అనుకున్నంత తేలిక కాదు. రైతు అలవాటుగా ఆయన్నే అడుగుతాడు, ఆయనా అలవాటుగా చెప్పేస్తాడు. "మేడం చెబుతారండీ" అని రెండుసార్లు అంటే, మూడోసారి ప్రశ్న నేరుగా ఆవిడకే వెళ్తుంది. అలా వెళ్ళిందంటే కాల్ దారిలో పడినట్టే.

డబ్బు ఎక్కడ వేయాలన్న జాగ్రత్త కూడా ఈ కాల్‌లోనే చెప్పాలి, అదీ వెళ్ళే మనిషి నోటితోనే. "ఇకనుంచి ఎవరు అడిగినా, నేనే అడిగినా సరే, సొంత నంబరుకి డబ్బు వేయకండి. బిల్లు మీద ఉన్న కంపెనీ అకౌంటుకే వేయండి." ఇదే మాట ఆయన వెళ్ళాక ఆఫీసు చెబితే ఆయన మీద నింద వేసినట్టు ఉంటుంది. ఆయనే చెబితే ఆయన గౌరవం పెరుగుతుంది.

ఈ కాల్‌లో బాకీ అడగకూడదు, కొత్త మేత రకం అమ్మజూపకూడదు. ఆ రెండింటిలో ఏది వినబడినా, పరిచయం పేరుతో అసలు పని ఇదన్నమాట అని రైతు అనుకుంటాడు.

ఆరో అడుగు: రాసిచ్చేది, అప్పగించేది

కాల్ అయిన రోజే కొత్త మనిషి మెసేజ్ పంపాలి. మన రైతు చదవరు కాబట్టి అదే విషయం వాయిస్‌లో ఆయనకి, రాతలో కొడుకుకి. ఇలా ఉంటే చాలు:

"నమస్కారం అండీ. ఇవాళ అనుకున్నవి: ఈ పంటకి షరతులు ఏవీ మారవు. బస్తాకి 40 రూపాయల అదనపు క్రెడిట్ నోట్ పట్టుబడి అయ్యాక వస్తుంది. బాకీ పట్టుబడి అయిన 10 రోజులకి, ప్లాంటు డబ్బు ఆలస్యమైతే 15 రోజులకి. మంగళవారం టెక్నీషియన్ వస్తారు. శనివారం ఉదయం 8 గంటలకి నేను చెరువుల దగ్గరికి వస్తాను. మేత, నీళ్ళు, బిల్లు, ఏదైనా ఈ నంబరుకే చేయండి. నేను ఎత్తకపోతే బ్రాంచ్ సార్ నంబరు కింద ఇచ్చాను. ఇందులో తేడా ఉంటే చెప్పండి, సరిచేస్తాను."

నంబరు గురించి ఒక మాట. రైతు ఫోన్‌లో ఉన్నది కంపెనీ సిమ్ అయితే ఆ సిమ్ కొత్త మనిషి చేతికి రావాలి. ఇచ్చేముందు పాత మేనేజర్ దానికి ముడిపడిన తన బ్యాంకు, యూపీఐ లింకులు తీసేసుకోవాలి, వాట్సాప్‌లో రెండంచెల పిన్ పెట్టి ఉంటే ఆపేయాలి. పిన్ తెలియకపోతే కొత్త ఫోన్‌లో ఆ వాట్సాప్ తెరవడానికి ఏడు రోజులు ఆగాల్సి వస్తుంది, పంట మధ్యలో ఏడు రోజులంటే ఎక్కువ. రైతుల గ్రూపులు ఉంటే కొత్త మనిషిని అడ్మిన్ చేశాకే పాతవారు బయటికి రావాలి. ఇన్నాళ్ళూ సొంత నంబరు వాడి ఉంటే, వెళ్ళిన తర్వాత కూడా కొన్నాళ్ళు ఫోన్లు ఆయనకే వెళ్తాయి. వచ్చిన ప్రతిదాన్నీ "మేడంకి చేయండి, నంబరు పంపుతున్నా" అని మళ్ళించమని అడగాలి. మంచి మాటగా విడిపోయిన మనిషి ఆ పని చేస్తాడు.

శనివారం గట్టు మీదకి ఇద్దరూ కలిసి వెళ్ళాలి. కొత్త మనిషి ట్రే ఎత్తి చూసి, రెండు రొయ్యలు అరచేతిలో పెట్టుకుని పేగు నిండుగా ఉందో ఖాళీగా ఉందో రైతుకి చూపిస్తూ మాట్లాడితే, కాల్‌లో చెప్పినదంతా అప్పుడు నమ్మకంగా మారుతుంది. పాత మేనేజర్ ఈసారి పాలేరుతో మాట్లాడుతూ వెనక ఉంటే సరి. తర్వాత వారం కొత్త మనిషి ఒక్కరే వెళ్ళాలి, పాత మేనేజర్ ఆఖరి రోజు ఇంకా రాకముందే. అలా వెళ్ళినప్పుడు ఏదైనా చిక్కు తగిలితే అడగడానికి ఆయన ఇంకా ఆఫీసులోనే ఉంటారు.

అప్పగింత కుదిరిందా లేదా ఎలా తెలుస్తుంది

రైతు "సరేలెండి" అంటే కుదిరినట్టు కాదు. గొడవ పడిన రైతు కన్నా, ఏమీ అనకుండా ఫోన్ పెట్టేసిన రైతు గురించే ఎక్కువ ఆలోచించాలి.

మేత లెక్క నిజం చెబుతుంది. 62వ రోజున వారానికి వంద బస్తాలు తీసుకుంటున్న 12 ఎకరాలకి రొయ్య పెరిగేకొద్దీ మేత పెరగాలే గానీ తగ్గకూడదు. 90వ రోజు వచ్చేసరికి వారానికి నూట యాభై దాకా ఉండాలి. ఒక వారం అరవైకి పడిపోయిందంటే కారణాలు రెండే. చెరువులో ఏదో జరిగింది, లేదా వేరే కంపెనీ మేత దిగుతోంది. అమావాస్య, పౌర్ణమికి మౌల్టింగ్ వల్ల రెండు మూడు రోజులు తిండి తగ్గడం మామూలే, దాన్ని చూసి బెదరక్కర్లేదు. కానీ వారం మొత్తం తగ్గితే ఆ రోజే వెళ్ళాలి. ముందు ట్రేలు చూడాలి. ట్రేలో మేత మిగిలిపోయి, నీటి మీద తెల్లటి పేడ తేలుతుంటే అది జబ్బు, అప్పగింత సంగతి పక్కన పెట్టి ల్యాబ్‌కి నమూనా పంపించాలి. ట్రేలు శుభ్రంగా ఖాళీ అవుతున్నా మన బస్తాలు తగ్గాయంటే, మోటారు షెడ్డు వెనక మడిచి పెట్టిన ఖాళీ సంచులు చూడండి. వేరే బొమ్మ ఉన్న సంచులు కనబడితే రైతుని నిలదీయొద్దు. "మా వైపు ఏదైనా లోటు జరిగిందాండీ" అని అడిగితే, తొంభై పాళ్ళు ఎవరో ఇచ్చి నెరవేర్చని ఒక మాట బయటికొస్తుంది. పేజీలో అది ఎందుకు లేదో అప్పుడు చూసుకోవాలి.

ఇంకో గుర్తు ఫోన్లు. మొదటి రెండు వారాల్లో రైతు కొత్త మనిషికి తనంతట తాను ఒక్కసారి కూడా చేయలేదంటే, పనులు పాత నంబరు మీదే నడుస్తున్నాయని అర్థం. రాత్రి పదింటికి "మేడం, నాలుగో చెరువులో రెండు ఏరియేటర్లు ఆగిపోయాయి, మేత తగ్గించమంటారా" అని ఫోన్ వచ్చిందంటే రైతు ఆవిడని ఒప్పుకున్నట్టే. కల్చర్ 92వ రోజున, పాత మేనేజర్ ఆఖరి రోజు సాయంత్రం, బ్రాంచ్ మేనేజర్ రైతుకి ఒక ఫోన్ చేసి "మేడం వస్తున్నారా, మంగళవారాలు తప్పడం లేదుగా, లెక్కలో ఏమైనా తేడా ఉందా" అని ఆ మూడు ప్రశ్నలూ అడగాలి. పట్టుబడి ముందు రోజు ఇంకోసారి అడగాలి. క్రెడిట్ నోట్ మాత్రం కాటా పూర్తయిన వారంలోపే, రైతు గుర్తు చేయకముందే, కొడుకు ఫోన్‌కి చేరాలి.